షరతులు వర్తిస్తాయి

నాకు నోరెక్కువ. పెళ్లయిన నెలలోనే మా ఆయన రూఫస్ ఈ మాట అన్నాడు. ఈ పన్నెండేళ్లలో ఆ అభిప్రాయం మార్చుకునే అవసరం ఆయనకు నేనెప్పుడూ కల్పించలేదు. ముత్తుకూరులో బస్టాండు దాటాక మందుల షాపు పక్కన ఉన్న చిన్న చీరల కొట్టు నాదే. మెర్లిన్ శారీస్ అని బోర్డు మీద నా పేరే ఉంటుంది. ఆ పేరు చూసుకుని మురిసిపోయే రోజుల్లోనే ఇది జరిగింది. ఇప్పుడు ఆ బోర్డు కింద నుంచి షట్టరెత్తేటప్పుడు పైకి చూడను.

కొట్టుకు ఫేస్‌బుక్‌లో ఒక పేజీ పెట్టుకున్నాను. ఫొటోలు తీసేది నేనే, కింద నాలుగు ముక్కలు రాసేదీ నేనే. నా రాతకు జనం వస్తున్నారని నాకు గొప్పగా ఉండేది. పోర్టులో పనిచేసేవాళ్ల భార్యలు, థర్మల్ క్వార్టర్స్ ఆడవాళ్లు ఫోను చేతిలో పట్టుకుని, "ఇదేనా ఆ చీర" అంటూ వచ్చేవాళ్లు. ధర రాసేదాన్ని కాదు. రాస్తే ఇంట్లో కూర్చుని వద్దనుకుంటారు. కొట్టుకొచ్చి చీర మీద చెయ్యి వేశాక వద్దనుకోవడం కష్టం. ఇది నేను సొంతంగా కనిపెట్టిన కిటుకని అనుకునేదాన్ని.

నవంబరు పదిహేడున తెల్ల చీరలు పెట్టాను. మా క్రైస్తవుల ఇళ్లలో డిసెంబరు వచ్చిందంటే తెల్ల చీర కావాలి. స్త్రీల సమాజం వాళ్లు క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్ రోజు అందరూ ఒకే రకం చీర కట్టుకుని పాట పాడతారు. ఈసారి రెండు రకాలు తెచ్చాను. అంచు లేని మామూలువి, జాకెట్టు గుడ్డ కూడా రానివి, నాలుగు వందల యాభై. సన్నటి జరీ అంచువి, జాకెట్టు గుడ్డతో కలిపి, ఏడు వందల ఎనభై. ఫొటోలో ముందు పరిచింది జరీ అంచుది. కింద ఇలా రాశాను:

"క్రిస్మస్ బంపర్ ఆఫర్. తెల్ల చీరలు జస్ట్ 450. త్వరపడండి, పరిమిత కాలం మాత్రమే. షరతులు వర్తిస్తాయి."

చివరి మాట పెద్ద పెద్ద షాపుల ప్రకటనల్లో చూసి నేర్చుకున్నాను. దాన్ని రాస్తే మనమూ పెద్ద షాపులాగే కనిపిస్తామని ఆశ. ఏ షరతులని ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఒక్కటీ లేదు.

నా కొట్లో పనిచేసే రోజారమణి ఆ రోజే అడిగింది. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు, చీరలు మడతపెడుతూ ఫోనులోకి తొంగిచూసి అంది.

"ఏ చీర నాలుగు వందల యాభయ్యో రాయలేదే అక్కా. ఎప్పటి దాకానో కూడా లేదు."

అన్నీ రాసేస్తే ఇక కొట్టుకెందుకు వస్తారు, నువ్వు మడతలు చూసుకో అన్నాను. ఆమె మడతలే చూసుకుంది. నా కిటుకు పనిచేసింది కూడా. నాలుగు వందల యాభై అని వచ్చినవాళ్లలో సగం మంది జరీ అంచు పట్టుకుని చూసి దాన్నే కొనుక్కుపోయారు. మామూలు చీరలు ఆ నెల ఇరవై తొమ్మిదికి ఒక్కటి మిగలకుండా అయిపోయాయి. నా లెక్కలో ఆఫరు అక్కడితో సరి. పోస్టు మాత్రం తీయలేదు. దాన్ని చూసి ఇంకా జనం వస్తుంటే ఎందుకు తీస్తాను.

డిసెంబరు ఎనిమిది, సోమవారం. పదకొండు గంటలప్పుడు థర్మల్ క్వార్టర్స్ నుంచి ఒక ఇంజనీరు భార్య ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చెల్లెలి పెళ్లికి పెట్టుబడి చీరలు కావాలట. అలాంటి బేరం నాకు ఏడాదికొకటి తగిలితే గొప్ప. వాళ్లను పరుపు మీద కూర్చోబెట్టి, కూల్ డ్రింకులు తెప్పించి, పట్టుచీరలన్నీ కిందికి దింపాను. సరిగ్గా అప్పుడు కరుణాకుమారి టీచరమ్మ వచ్చింది.

టీచరమ్మ మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. నాకు సండే స్కూల్లో అక్షరాలు దిద్దించింది ఆమే. వాక్యం చదివేటప్పుడు ప్రతి పిల్లా లైను కింద వేలు పెట్టి చదవాలి, వేలు తీస్తే మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడామెకు అరవై ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా కంటి పొరలతో బాధపడి సెప్టెంబరులోనే నెల్లూరులో కుడి కంటికి ఆపరేషన్ చేయించుకుంది. కట్టు విప్పాక మొదటి ఆదివారం ఆమె లేచి బైబిలులోని లేఖన భాగం చదువుతుంటే సంఘమంతా ఆనందపడింది. ఎడమ కంటికి జనవరిలో రమ్మన్నారు. ప్రతి ఆదివారం లేఖనం చదవడం, ప్రకటనలు చదవడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. ఆ పని తిరిగి చేతికొచ్చినందుకు ఆమె ఎంత సంతోషపడిందో నేను కళ్లారా చూశాను.

ఆమెతో ఎలిశబెతు అక్క ఉంది. సమాజం డబ్బులు ఆమె దగ్గరుంటాయి. టీచరమ్మ నేరుగా బొమ్మకు కట్టిన జరీ అంచు చీర దగ్గరికి వెళ్లి చెంగు పట్టుకుంది.

"మెర్లినూ, నీ ఆఫరు చీరల కోసం వచ్చినాము. ఇరవై ఆరు కావాల. ఇదే రకం."

అది ఏడు వందల ఎనభై అన్నాను. ఆమె నవ్వి, సంచిలోంచి సమాజం మినిట్స్ పుస్తకం తీసింది. ఏ కబురైనా ఆమె ఆ పుస్తకంలో ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటుంది, ఆదివారం అందులోంచే చదువుతుంది. నా పోస్టు కూడా అక్షరం పొల్లు పోకుండా రాసుకుంది. వేలు పెట్టి నాకు చదివి వినిపించింది. ఫొటోలో ఉన్నది ఈ చీరే కదా అంది. రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లు ఇరవై ఆరు మంది ఆ ధర విని తలా నాలుగు వందల యాభై తెచ్చి ఎలిశబెతు అక్క చేతిలో పెట్టారట.

ఆఫరు మామూలు చీరలకని, అవీ అయిపోయాయని చెప్పాను. అలా రాయలేదే అంది టీచరమ్మ. షరతులు వర్తిస్తాయని రాశాను కదా అన్నాను.

"అదీ రాసుకున్నాను మెర్లినూ. ఏ షరతులో చెప్పు, అవీ రాసుకుంటా."

ఆమె ఎగతాళిగా అనలేదు. పెన్ను మూత తీసి, రాసుకోవడానికి సిద్ధంగా నిలబడింది. పరుపు మీద కూర్చున్న ఇంజనీరు భార్య నవ్వింది. పెద్దగా కాదు, ముక్కుతో. ఆ నవ్వు టీచరమ్మ మీద కాదు, నా మీద. నా ఒళ్లు మండిపోయింది. మామూలు చీర ఇదీ, జరీ అంచుది అదీ అని రాయని తప్పు నాదేనని అప్పటికే నాకు తెలుసు. తెలిసిన కొద్దీ మంట ఎక్కువైంది.

పోస్టు సరిగా చదివి ఉండరు, ఉండండి ఫోను తెచ్చి చూపిస్తానన్నాను. ఫోను కొట్టు వెనక కర్టెన్ అవతల చార్జింగులో ఉంది. లోపలికి పోయి, కర్టెన్ లాగి, పోస్టు తెరిచి ఎడిట్ నొక్కాను. "గమనిక: 450 ధర అంచు లేని, జాకెట్టు గుడ్డ లేని చీరలకు మాత్రమే. నవంబర్ 30 వరకు. సరుకు ఉన్నంత వరకు" అని కింద చేర్చాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మూడు వారాల కిందట రాయాల్సిన ముక్కలు ఎంత తేలిగ్గా వచ్చాయో. మొదట్లో ఇవే రాసి ఉంటే మంచి వ్యాపారిని అయ్యేదాన్ని. ఇప్పుడు రాసి దొంగనయ్యాను. ఈ ఆలోచన అప్పుడు రాలేదు. అప్పుడు నాకు గెలవాలని మాత్రమే ఉంది.

బయటికొచ్చి ఫోను ఆమె చేతిలో పెట్టాను. టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని, తెర మీద వేలు పెట్టి చదివింది. గమనిక దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. మళ్లీ పైనుంచి చదివింది. పుస్తకం చూసింది, ఫోను చూసింది. ఎలిశబెతు అక్క కూడా వంగి చూసింది.

"ఇంత తేటగా ఉండాదే టీచరమ్మా" అంది ఎలిశబెతు అక్క.

టీచరమ్మ మొహంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఆమె కళ్లజోడు తీసి పమిటతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఇన్ని లైన్లు నాకు కనపడలేదా అని తనలో తాను అనుకుంది. అక్కడితో నేను ఊరుకుని ఉండొచ్చు. నా నోరు ఊరుకోదు.

"వయసైన వాళ్లు ఇంకొకరి చేత చదివించుకోవాల టీచరమ్మా. ఇరవై ఆరు మందికి మాట ఇచ్చేముందు."

ఈ మాట నా నోటి నుంచి వచ్చింది. నాకు అక్షరాలు నేర్పిన మనిషితో, పరాయి ఆడవాళ్ల ముందు. ఆమె తలూపింది. తప్పయింది అని నాకే చెప్పి, పుస్తకం సంచిలో పెట్టుకుని, మెట్లు దిగేటప్పుడు ఎలిశబెతు అక్క భుజం పట్టుకుంది. వచ్చేటప్పుడు ఎవరినీ పట్టుకోకుండానే ఎక్కింది. ఇంజనీరు భార్య ఆ రోజు పద్నాలుగు చీరలు కొన్నది. రోజారమణి వాటిని సంచుల్లో సర్దుతూ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ వారమంతా నేను మామూలుగానే తిన్నాను, నవ్వాను, బేరాలు చేశాను. పోస్టులో ఇప్పుడు ఉన్నదే నిజం కదా, మామూలు చీర ధరే నాలుగు వందల యాభై కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆదివారం ఆరాధనకు గుడికి పోయాక ఆ మాట పని చెయ్యలేదు.

లేఖన భాగం చదవడానికి టీచరమ్మ లేవలేదు. కెజియా అనే కాలేజీ పిల్ల లేచి, రెండు చోట్ల తడబడి, గబగబా చదివి కూర్చుంది. ప్రకటనల వేళకు మాత్రం టీచరమ్మ ముందుకొచ్చింది. చేతిలో పుస్తకం లేదు. చీరల ధర తాను తప్పు చదివి అందరికీ తప్పు చెప్పానని, షాపు వాళ్ల దోషం ఏమీ లేదని, డబ్బులు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేస్తున్నామని, ఈసారికి ఉన్న పాత తెల్ల చీరలే కట్టుకుందామని చెప్పింది. కళ్లు సరిగా లేని మనిషి ఈ పని చెయ్యకూడదు కాబట్టి సెక్రటరీ పని కూడా మానుకుంటున్నానంది. షాపు వాళ్ల దోషం ఏమీ లేదు అన్నప్పుడు ఆమె నన్ను వెతికి చూసింది, నేను నొచ్చుకుని ఉంటానేమోనని. నా వెనక వరసలో ఇద్దరు చిన్నగా నవ్వుకున్నారు. ఆపరేషన్ చేసినాక కూడా అంతేనంట అని ఒకామె అంది.

అక్కడే లేచి నిలబడాల్సింది. లేవలేదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను చెప్పులు వెతుక్కుని ముందే బయటపడ్డాను. రూఫస్ అడిగితే తలనొప్పి అన్నాను.

బుధవారం ఎలిశబెతు అక్క లంగా గుడ్డ కోసం కొట్టుకు వచ్చింది. టీచరమ్మ సంగతి ఆమే చెప్పింది. జనవరిలో రెండో కంటికి ఆపరేషన్ వద్దని నెల్లూరుకు ఫోను చేయించేసిందట. ఒక కన్ను చేయించుకుంటేనే కళ్ల ముందున్నది కనపడకుండా పోయింది, రెండోది కూడా పాడు చేసుకోను, ఉన్న కాస్త చూపూ చాలు అంటోందట. కొడుకు ఎంత చెప్పినా వినలేదట. డాక్టరు దగ్గరికి పరీక్షకు కూడా రానందట, మళ్లీ ఏం చెప్తారోనని భయం. ఎలిశబెతు అక్క గుడ్డ కొలిపించుకుని వెళ్లిపోయింది.

రోజారమణి కత్తెర బల్ల మీద పెట్టింది.

"నువ్వు చెప్తావా అక్కా, నన్ను చెప్పమంటావా?"

ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఆ పోస్టులో తేదీ లేదని నాకు చెప్పింది ఆమే కదా. పది రోజులుగా నా పక్కనే చీరలు మడతపెడుతూ, నేను చెప్తానేమోనని చూసింది. ఎవరికీ తెలియని తప్పును మోయొచ్చు. పక్కన నిలబడి చూస్తున్న మనిషి ముందు మోయడం నా వల్ల కాలేదు. నేనే చెప్తానన్నాను.

గురువారం మధ్యాహ్నం టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె వరండాలో మంచం మీద కూర్చుని ఫోనులో బైబిలు చదివించుకుని వింటోంది. బైబిలు పుస్తకం మూసి పక్కన ఉంది, దాని మీద కళ్లజోడు పెట్టె. కోడలు చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి టీచరమ్మ లేచి కుర్చీ లాగింది. ఆ మర్యాద నన్ను చంపేసింది.

ఏం చెప్పాలో దారి పొడవునా అనుకుంటూ వచ్చాను. తీరా ఎదురుగా కూర్చున్నాక ఒక్క మాటా రాలేదు, నాకు మాటలు రాకపోవడం అదే మొదలు. ఫేస్‌బుక్‌లో పోస్టు మారిస్తే పాతది ఎక్కడికీ పోదు. పోస్టు మూల మూడు చుక్కలు నొక్కితే ఎడిట్ హిస్టరీ అని వస్తుంది, ఏ రోజు ఏ గంటకు ఏం రాసి ఉందో అన్నీ ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. ఎవరూ చూడలేదు, అంతే. అది తెరిచి ఫోను ఆమెకు ఇచ్చి చదవమన్నాను. నాకు కనపడదమ్మా, కోడలికి ఇవ్వు అంది.

"మీరే చదవండి టీచరమ్మా. వేలు పెట్టి."

ఆమె నన్ను వింతగా చూసి కళ్లజోడు పెట్టుకుంది. నవంబరు పదిహేడు అని మొదలుపెట్టింది. బంపర్ ఆఫర్ నుంచి షరతులు వర్తిస్తాయి దాకా ఒక్క అక్షరం తప్పకుండా చదివింది. గమనిక కోసం కింద వెతికింది. లేదు. కిందికి జరిపాను. డిసెంబరు ఎనిమిది, పదకొండు ఇరవై నాలుగు. అక్కడ గమనిక ఉంది. లోపలి నుంచి మినిట్స్ పుస్తకం తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకుని చూసింది. పుస్తకంలో ఉన్నదీ మొదటిదీ ఒకటే.

"ఎనిమిదో తేదీ పదకొండున్నరకి మేము నీ షాపులోనే ఉన్నాము గదా."

ఉన్నారన్నాను.

"నువ్వు ఫోను తెచ్చేదానికని లోపలికి పోయినావు."

అవునన్నాను. ఫోనులో బైబిలు వాక్యం ఇంకా నడుస్తూనే ఉంది. కోడలు లేచి దాన్ని ఆపింది. టీచరమ్మ ఆ రెండింటి మీదా మరోసారి వేలు జరిపి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితే నా కన్ను బాగుండాది" అంది.

నాతో కాదు, కోడలితో. మొహమంతా వెలిగింది. చూసినావా, నా కన్ను బాగుండాది, నేను సరిగ్గానే చదివినా అని మళ్లీ చెప్పింది. ఆ సంతోషం చూసి నేను తల వంచుకుని ఏడ్చాను. ఆమె దగ్గర నుంచి నేను లాక్కున్నది చీరలు కాదని అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆమె కూడా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత కోపం వచ్చింది.

"పది దినాల నుంచి ఈ అమ్మి నన్ను బియ్యం ఏరనియ్యడం లేదు, రాళ్లు కనపడవని. మందు సీసా మీద పేరు చదివి ఇంకోసారి అడుగుతా ఉన్నా, ఇదేనా అని. నువ్వు అబద్ధం ఆడినావు, సరే. నా కళ్ల మీద ఆడినావు చూడు."

ఇరవై ఆరు చీరలూ నాలుగు వందల యాభైకే ఇస్తాను, నాకు నష్టమైనా సరే అన్నాను. అది నువ్వు ముందే ఇయ్యాల్సింది అంది. ఎలిశబెతు అక్కకు చెప్తానన్నాను. ఎలిశబెతుకు కాదు, నేను ఎక్కడ నిలబడి తప్పు నాదని చెప్పినానో అక్కడే చెప్పాల, రాసుకురా, ముందు నాకు చూపించు అంది.

శుక్రవారం రాసుకుని వెళ్లాను. బాగా రాశాననే అనుకున్నాను. "స్త్రీల సమాజం చీరల విషయంలో ఒక చిన్న పొరపాటు జరిగింది. అందుకు చింతిస్తున్నాము. చీరలు పాత ధరకే ఇవ్వబడును." టీచరమ్మ వేలు పెట్టి చదివి కాగితం నా ముందు పెట్టింది.

"పొరపాటు జరిగింది అని రాసినావు. ఎవరు చేసినారో రాయలేదే. మళ్లీ అదే బుద్ధి."

ఆ మాటతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుపడుతూ కూడా నేను అదే పని చేశాను. ఏ చీర, ఎంత, ఎప్పటి దాకా అన్నవి దాచినట్టే, ఎవరు, ఏం చేశారు అన్నవి దాచాను. ఆమె ఊరుకోలేదు. చింతిస్తున్నాము అంటే ఎంతమంది చింతిస్తున్నారు అని అడిగింది. పాత ధర అంటే ఎంత, జాకెట్టు గుడ్డ ఉంటుందా ఉండదా, ఎప్పటిలోగా రావాల, చిరుగు ఉంటే మార్చి ఇస్తావా లేదా అని ఒక్కొక్కటీ అడిగింది. సండే స్కూల్లో లాగే మళ్లీ మొదటి నుంచి రాయించింది. మూడోసారికి ఒప్పుకుంది. శనివారం అదే మాటల్ని పేజీలో కూడా పెట్టాను, పాతది తీసేయకుండా. కింద ఎవరెవరో ఏవేవో రాశారు. ఇంజనీరు భార్య ఏమీ రాయలేదు, తర్వాత కొట్టుకు కూడా రాలేదు.

ఆదివారం లేఖన భాగం టీచరమ్మ చదివింది. ఆమె లేవగానే సంఘంలో గుసగుసలు, చదవడం మొదలుపెట్టాక ఒక్క గుసగుస లేదు. ప్రకటనల వేళ ఆమె పుస్తకం తెరిచి, ఇవాళ్టిది నేను చదవను, రాసినోళ్లే చదువుతారు అని పక్కకు జరిగింది. రూఫస్ నా వైపు చూశాడు. ఆయనకు ముందు రోజే అంతా చెప్పాను. పోయిరా అన్నట్టు మోకాలు పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

ముందుకెళ్లి నిలబడ్డాను. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, ముందు వరసలో చాప మీద పిల్లలు. రొయ్యల షెడ్డు ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. ఇంజనీరు భార్య నా మీద ముక్కుతో నవ్విన నవ్వు గుర్తొచ్చింది, దాని కోసం నేను చేసిన పని గుర్తొచ్చింది. కాగితం పైకెత్తాను. నా రాతే, కానీ ఒక్క అక్షరం కనపడలేదు, కళ్ల నిండా నీళ్లు. సంఘం ఎదురుచూస్తోంది. ఎవరో దగ్గారు.

పక్క నుంచి టీచరమ్మ దగ్గరికి వచ్చింది. నా చేతిలోని కాగితాన్ని కింది నుంచి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలు మొదటి లైను కింద పెట్టింది.

"చదువు మెర్లినూ" అంది మెల్లగా.

ఆ వేలు జరిగిన కొద్దీ చదివాను. కొట్టు నాది, పోస్టు రాసింది నేను. ఏ చీర ధరో, ఎప్పటి దాకానో అందులో రాయలేదు, కావాలనే రాయలేదు. డిసెంబరు ఎనిమిదిన టీచరమ్మ నా కొట్లో ఉండగానే లోపలికి పోయి దాన్ని మార్చి, మొదటి నుంచీ అలాగే ఉందని ఆమెకు అబద్ధం చెప్పాను. ఆమె చదివింది సరైనదే. ఆమె కన్ను బాగుంది. జరీ అంచు తెల్ల చీర, జాకెట్టు గుడ్డతో కలిపి, నాలుగు వందల యాభై రూపాయలు. మన స్త్రీల సమాజానికి ఇరవై ఆరు చీరలు. డిసెంబరు ఇరవై మూడు సాయంత్రం ఆరు వరకు. చిరుగు గానీ మరక గానీ ఉంటే వారంలోగా బిల్లుతో తెస్తే మార్చి ఇస్తాను. ఇవి తప్ప వేరే షరతులు లేవు.

టీచరమ్మ వేలు అక్కడ ఆగింది. కింద ఇంకొక లైను మిగిలి ఉంది. దాని కిందికి వేలు జరిపి ఆమె నిలబడింది. అది నా పేరు. అదీ చదివాను.